చుట్టాల గ్రూపులో ఆధార్ కార్డు

తిరుమల ప్రయాణం ఖాయమైందంటే చుట్టాల వాట్సాప్ గ్రూపులో ముందుగా వచ్చే మెసేజ్ ఇదే: "అందరూ ఆధార్ పెట్టండి, టికెట్లు బుక్ చేయాలి." కాసేపట్లోనే ఇంటిల్లిపాది కార్డులూ, ముందూ వెనకా తీసిన ఫొటోలతో వరసగా వచ్చిపడతాయి. బుక్ చేసేది ఒక్కరే. కార్డులు చేరేది మాత్రం గ్రూపులో ఉన్న నలభై యాభై ఫోన్లకు.

వాట్సాప్ మెసేజ్ బయటివాళ్లు చదవలేరు కదా అంటారు. దారిలో చదవలేరు, నిజమే. చేరాక సంగతి వేరు. చాలా ఫోన్లలో ఫొటో దానంతటదే గ్యాలరీలో పడుతుంది, అక్కడి నుంచి ఆన్‌లైన్ బ్యాకప్‌లోకి పోతుంది. ఆ ఫోను పిల్లల చేతుల్లో ఉంటుంది, రిపేరు షాపుకు వెళ్తుంది, పాతబడితే అమ్మేస్తారు. ఆ నలభై మందిలో అందరికన్నా అజాగ్రత్తగా ఉండేవారి ఫోను ఎంత భద్రమో, మన కార్డూ అంతే భద్రం.

కొందరు ఫొటో కాకుండా ఈ-ఆధార్ పీడీఎఫ్ పెడతారు, దానికి పాస్‌వర్డ్ ఉందన్న ధీమాతో. ఆ పాస్‌వర్డ్ పద్ధతి అందరికీ తెలిసిందే: ఇంగ్లిష్‌లో పేరు మొదటి నాలుగు అక్షరాలు క్యాపిటల్స్‌లో, వెంటనే పుట్టిన సంవత్సరం. 1962లో పుట్టిన లక్ష్మిగారిదైతే LAKS1962. 2022లో ఆవిడ షష్టిపూర్తి ఫొటోలు చూసిన గ్రూపులో ఆ తాళం ఎవరైనా తీయగలరు.

పాస్‌వర్డ్ బయటపడితే వెంటనే మార్చుకోవచ్చు. ఆధార్ నంబరు అలా కాదు, జీవితాంతం అదే. కార్డు మీది వివరాలతో మోసగాడు చేసే మొదటి పని ఫోన్ చేయడం. మన పుట్టినతేదీ, ఇంటి నంబరు, నాన్న పేరు గడగడా చదివేసరికి నిజంగా బ్యాంకువాళ్లే అనుకుంటాం. ఆ తర్వాతే ఓటీపీ అడుగుతాడు.

ఓటీపీ కొన్ని నిమిషాల్లో చెల్లకుండా పోతుంది, గ్రూపులో పెడితే ఏమవుతుందిలే అనిపించవచ్చు. వాట్సాప్ కోడ్‌నే చూడండి. ఒకరి ఖాతాను ఇంకో ఫోన్‌లో తెరవడానికి కావలసినవి రెండే, ఫోన్ నంబరూ ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఆరంకెల కోడూ. గ్రూపులో అందరి నంబర్లూ కనిపిస్తూనే ఉంటాయి, మిగిలింది కోడే. అందుకే ముందు ఒకరి ఖాతా చేజిక్కించుకుని, వాళ్ల పేరుతోనే గ్రూపులో అడుగుతారు: "పొరపాటున నా కోడ్ మీకు వచ్చింది, పెట్టండి." అడిగింది మేనకోడలే అనుకుని పెట్టేస్తారు. Settings లో Account, అందులో Two-step verification తెరిచి సొంత పిన్ పెట్టుకున్నవారి ఖాతా ఆ కోడ్ ఒక్కదానితో తెరుచుకోదు. ఖాతా పోయినవారు తమ ఫోన్‌లో అదే నంబరుతో మళ్లీ నమోదు చేసుకుంటే అవతలివాడు బయటికి పోతాడు. బ్యాంకు ఓటీపీ అయితే నష్టం ఇంకా పెద్దది. వివరాలు ఖాతాదారే ఇచ్చి ఉంటే, బ్యాంకుకు చెప్పేలోగా పోయిన డబ్బు ఖాతాదారుదే బాధ్యత అని 2017లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల్లోనే ఉంది.

ఇక చెప్పడం. పెద్దనాన్న కార్డు పెట్టిన వెంటనే కింద "ఇలాంటివి పెట్టకండి" అని రాస్తే నలుగురిలో ఆయన్ను చిన్నబుచ్చినట్టవుతుంది. ఆయన నొచ్చుకుంటారు, కార్డు మాత్రం అక్కడే ఉండిపోతుంది. అందుకే ముందు ఫోన్ చేయాలి: "పెద్దనాన్నా, గ్రూపులో మీ ఆధార్ కనిపించింది. అందరి ఫోన్లలోకీ పోతుంది, ఇప్పుడే తీసేద్దాం. దాన్ని నొక్కి పట్టుకుని డిలీట్ కొట్టండి, Delete for everyone అని ఉన్నదే నొక్కండి." పక్కనున్న Delete for me నొక్కితే ఆయన ఫోన్‌లో మాత్రమే పోతుంది, మిగతా అందరి దగ్గరా ఉంటుంది. ఇది చాలామందికి జరిగే పొరపాటు. అందరి దగ్గరా తీసేయడానికి గడువు రెండు రోజుల పైచిలుకే. ఆయన ఫోన్ ఎత్తకపోతే గ్రూపు అడ్మిన్ కూడా తీసేయగలరు. అప్పటికే గ్యాలరీలోకి చేరినవి మాత్రం అలాగే ఉండిపోవచ్చు, కాబట్టి ఆలస్యం పనికిరాదు.

వద్దంటే సరిపోదు, పని ఎలా అవుతుందో కూడా చెప్పాలి. దర్శనం టికెట్లకు కావలసింది పేరు, వయసు, గుర్తింపు కార్డు నంబరు లాంటి వివరాలే, ఫొటో కాదు. అవి బుక్ చేసేవాళ్లకు ఫోన్‌లో చెబితే చాలు. కాపీ తప్పదన్నచోట మొదటి ఎనిమిది అంకెలూ కనిపించని మాస్క్‌డ్ ఆధార్ myaadhaar.uidai.gov.in లో దొరుకుతుంది, ఒప్పుకునేచోట అది ఇవ్వవచ్చు. గ్రూపులో ఎవరి పేరూ ఎత్తకుండా ఇలా రాయవచ్చు: "టికెట్ల కోసం వివరాలు నాకు ఫోన్ చేసి చెప్పండి. కార్డులు, ఓటీపీలు, పాస్‌వర్డ్‌లు ఇక్కడ వద్దు. ఇప్పటికే పెట్టినవాళ్లు తీసేయండి, ఎలాగో తెలియకపోతే నాకు ఫోన్ చేయండి." ఓటీపీ ఇచ్చేసి డబ్బు పోగొట్టుకున్నవారుంటే మాత్రం ఎలా జరిగిందని ఆరా తీస్తూ కూర్చోకుండా ముందు 1930కి, బ్యాంకుకు వాళ్లచేత ఫోన్ చేయించండి.