పాదం కింద అర్థం: సౌందర్యలహరి పారాయణ ప్రతి

సౌందర్యలహరిలో నూరు శ్లోకాలు. ఆదిశంకరుల రచనగా ప్రసిద్ధమైన ఈ స్తోత్రం మొదటి నుంచి చివరి దాకా శిఖరిణీ వృత్తంలోనే సాగుతుంది. పాదానికి 17 అక్షరాలు, ఆరో అక్షరం తరువాత యతి, నాలుగు పాదాలకు ఒక శ్లోకం. టీకా తాత్పర్యాలతో అచ్చయ్యే పుస్తకాల్లో శ్లోకం పైన, ప్రతిపదార్థం కింద పేరాగా, ఆ తరువాత తాత్పర్యం ఉంటాయి. ఒక్కరే కూర్చుని చదువుకోవడానికి ఆ పద్ధతి చక్కగా సరిపోతుంది. పదిమంది కలిసి పాడేటప్పుడు మాత్రం కన్ను కిందికి వెళ్లి అర్థం వెతుక్కుని వచ్చేలోపు గొంతులు రెండు పాదాలు దాటిపోతాయి. ప్రతి పాదానికీ దాని అర్థం వెంటనే కింద చిన్న అక్షరాల్లో ఉంటే చూపు ఆ శ్లోకాన్ని వదలకుండానే భావం అందుకుంటుంది.

లలితా సహస్రనామానికి ఇలాంటి ప్రతి తయారు చేయడం కొంత తేలిక. అక్కడ ఒక్కో నామానికీ విడి అర్థం ఉంటుంది కనుక నామం కింద అర్థం వేసుకుంటూ పోవచ్చు. సౌందర్యలహరిలో వాక్యం నాలుగు పాదాల్లో పరుచుకుని ఉంటుంది. కర్త మొదటి పాదంలో, క్రియ నాలుగో పాదంలో ఉండవచ్చు. రెండో పాదంలోని విశేషణం మూడో పాదంలోని నామానికి చెందినదై ఉండవచ్చు. పాదాన్ని పాదంగా ఉంచి, దాని కింద అర్థం ఇస్తూనే వాక్యం తెగిపోకుండా చూడటమే ఈ పనిలో అసలు కష్టం.

ముందుగా పాడే పాదం సంగతి. చదవడానికి సులువుగా ఉంటుందని చాలామంది సంధులు విడదీసి అచ్చువేస్తారు. చదువుకునే పుస్తకానికి అది మేలు చేస్తుంది కానీ, పాడే కాగితంలో తాళాన్ని దెబ్బతీస్తుంది. ‘యద్యపి’లో మూడు అక్షరాలు. దాన్ని ‘యది అపి’ అని విడదీస్తే నాలుగవుతాయి, పాదం 18 అక్షరాలకు పెరుగుతుంది. ‘చాపి’ని ‘చ అపి’గా మార్చినా అంతే. ఇంకొక రకం తప్పు లెక్కకు దొరకదు. ‘తమహం’ అనే మాటలో మొదటి రెండు అక్షరాలూ లఘువులు. దాన్ని ‘తం అహం’ అని వేస్తే అక్షరాలు మూడే ఉంటాయి కానీ, సున్న చేరి మొదటి అక్షరం గురువవుతుంది. శిఖరిణిలో యతి దాటగానే వరసగా ఐదు లఘువులు వస్తాయి. బృందంలో సగం మంది అక్కడ ఒక అక్షరాన్ని సాగదీసి, మిగతా సగం సాగదీయకపోతే పాదం చివరికి గొంతులు రెండు జట్లుగా చీలిపోతాయి. కాబట్టి పాడే పాదంలో సంధి ఎలా ఉందో అలాగే ఉంచాలి. మాటల విడదీత అంతా కింది అర్థంలో చూపించాలి.

అయినా పొడవైన సమాసం ఒకే గుత్తిగా కనిపిస్తే కొత్తవారు తడబడతారు. అచ్చు కలవని చోట చిన్న గీత పెట్టడం దీనికి మంచి ఉపాయం. ‘చరణకమలరేణు’ వంటి మాటను ‘చరణ-కమల-రేణు’ అని వేస్తే ఒక్క అక్షరం కూడా మారదు. మొదటి శ్లోకం మూడో పాదంలో హరి, హర, విరించ అనే పేర్లు ఒకే సమాసంలో వస్తాయి. ‘హరి’ తరువాత, ‘హర’ తరువాత గీత పెట్టవచ్చు. ‘విరించ’ తరువాత పెట్టకూడదు, ఎందుకంటే దాని చివరి అకారం పక్కనున్న ‘ఆది’తో కలిసి ‘విరించాది’ అయింది. అక్కడ గీత పెట్టాలంటే అక్షరాన్నే కోయాలి. ఈ ఐదు లఘువుల వరస కూడా సరిగ్గా ఈ పేర్ల మీదే పడుతుంది: హ, రి, హ, ర, వి. గీత చూసి ఎవరూ ఆగకూడదు. గీత కంటికే తప్ప గొంతుకు కాదని మొదటి పేజీలో ఒక్క మాట రాసి ఉంచితే చాలు.

యతిని చూపడానికి ఆరో అక్షరం తరువాత రెండు అక్షరాలంత ఖాళీ వదలడం అన్నిటికంటే నిశ్శబ్దమైన పద్ధతి. నిలువు గీత వేస్తే దాన్ని సగం శ్లోకం ముగింపు అనుకునే ప్రమాదం ఉంది. సమాసం యతిని దాటి వెళ్లే చోట గీత పెట్టి, ఆ తరువాత ఖాళీ వదిలితే మాట ఇంకా పూర్తి కాలేదని తెలుస్తుంది.

ఇక అర్థం. తెలుగుకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. సంస్కృతంలాగే తెలుగు కూడా విభక్తులతో నడిచే భాష. ‘నిన్ను’, ‘నీచేత’, ‘నీకు’ అన్న మాటలు వాక్యంలో ఎక్కడ ఉన్నా తమ పని తాము చెప్పుకుంటాయి. అందువల్ల పాదంలో ఉన్న వరసలోనే అర్థాన్ని ముక్కలుగా ఇచ్చినా, నాలుగు ముక్కలూ కలిపి చదివితే వాక్యం నిలబడుతుంది. ఒక పాదంలో వాక్యం పూర్తి కాకపోతే దాని అర్థాన్ని బలవంతంగా పూర్తి చేయకూడదు. విభక్తి దగ్గర ఆపి, మూడు చుక్కలు పెట్టి, కింది పాదానికి అప్పగించాలి.

మొదటి శ్లోకాన్నే తీసుకుంటే, మొదటి పాదం కింద ‘శివుడు శక్తితో కూడితేనే సృష్టించగలడు’ అని వేయవచ్చు. రెండో పాదం కింద ‘అలా కాకపోతే ఆ దేవుడు కదలనైనా కదలలేడు’. ఈ రెండు పాదాలూ విడివిడి వాక్యాలే కనుక చిక్కు లేదు. మూడో పాదంలో క్రియ లేదు. దేవతలంతా ఆరాధించే నిన్ను అనే ద్వితీయా విభక్తి మాత్రం ఉంది. దాని కింద ‘అందుకే, హరిహరబ్రహ్మాదులు సైతం ఆరాధించే నిన్ను...’ అని ఆపాలి. నాలుగో పాదం కింద ‘...కొలవడమైనా, స్తుతించడమైనా పుణ్యం చేయనివాడి తరమా?’ అని ముగించాలి. మూలంలోని క్రియకు నమస్కరించడమని అర్థం. తెలుగులో నమస్కరించడానికి ‘నీకు’ కావాలి, పై పాదమేమో ‘నిన్ను’తో ఆగింది. ‘కొలవడం’ అంటే ఆ అతుకు కుదురుతుంది. నమస్కారమనే భావం పోకూడదనుకుంటే ‘నీకు మొక్కడమైనా’ అని నాలుగో పాదంలో ‘నీకు’ను మళ్లీ వేసుకోవచ్చు. పాడేటప్పుడు కన్ను ఆగని పాఠమే మేలు కనుక మొదటిదే నయం.

విశేషణం ఒక పాదంలో, విశేష్యం మరో పాదంలో ఉన్నప్పుడు మాత్రం ఈ పద్ధతి ఒక్కటే చాలదు. తెలుగులో విశేషణం నామానికి ముందు రావాలి. నామం ముందే వెళ్లిపోతే రెండో పాదం కింద దాన్ని బ్రాకెట్లో మళ్లీ వేయాలి: ‘(ఆ పాదాలు) ఎర్రని కాంతితో వెలిగేవి’ అన్నట్టు. బ్రాకెట్లో ఉన్నది మూలంలో లేని మాట అని చదివేవారికి తెలుస్తుంది. ఇంకా లోతైన వివరణ కావలసిన శ్లోకాలు కొన్ని ఉన్నాయి. ఆనందలహరి అని పిలిచే మొదటి 41 శ్లోకాల్లో శ్రీచక్రం, మంత్రాక్షరాలు, కుండలిని ప్రస్తావనలు వస్తాయి. వాటికి పాదం కింద నేరుగా తెలిసే అర్థం ఇచ్చి, లక్ష్మీధరుని వ్యాఖ్య వంటివి చూసి రాసుకున్న వివరణను ప్రతి చివర విడిగా చేర్చాలి. అర్థం రెండో వరసలోకి పొంగితే పాదాల మధ్య దూరం ఒక్కోచోట ఒక్కోలా మారి, పాడే కన్ను దారి తప్పుతుంది.

అచ్చులో కొలతలు దీన్ని బట్టే కుదురుతాయి. పాడే పాదం 18 పాయింట్లు, అర్థం 12 పాయింట్లు ఉంటే రెండు సెంటీమీటర్ల మార్జిన్లతో ఎ4 కాగితం మీద 17 అక్షరాల పాదం మడత పడకుండా పడుతుంది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. ‘స్త్ర’ వంటి చోట రెండు ఒత్తులు చేరి కింది అర్థాన్ని తాకుతాయి. అందుకని 18 పాయింట్ల పాదానికి 28 పాయింట్ల ఎత్తు కేటాయించాలి. అర్థానికి 16, ఆ తరువాత ఖాళీకి 8. అర్థం తన పాదానికి దగ్గరగా, తరువాతి పాదానికి దూరంగా ఉండాలి. రెండు వైపులా సమాన దూరం ఉంటే ఏ అర్థం ఏ పాదానిదో తెలియదు. ఈ లెక్కన పేజీకి మూడు శ్లోకాలు పడతాయి. నూరు శ్లోకాలకు 34 పేజీలు, రెండు వైపులా వేస్తే 17 కాగితాలు.

ఏ శ్లోకమూ రెండు పేజీల మధ్య విరగకూడదు. వర్డ్‌లో పాదానికి ఒక స్టైల్, అర్థానికి ఒక స్టైల్ పెట్టుకుని, శ్లోకంలోని చివరి అర్థం తప్ప మిగతా అన్నిటికీ Keep with next ఆన్ చేస్తే ఆ బెడద ఉండదు. ఖాళీ ఎంటర్లు కొట్టి శ్లోకాన్ని పై పేజీకి తోస్తే, తరువాత ఒక్క మాట దిద్దినా కింద అంతా చెదిరిపోతుంది. యూనికోడ్‌కు ముందటి పాత ఫాంట్లలో కంపోజ్ చేసిన పాఠం దొరికితే దాన్ని యూనికోడ్‌లోకి మార్చాకే పని మొదలుపెట్టాలి. లేకపోతే ఫోన్లలోకి పంపినప్పుడు అక్షరాలు అక్షరాలుగా కనిపించవు.

శ్లోకం సంఖ్య ఎడమ మార్జిన్‌లో పెద్దదిగా ఉండాలి, ఎందుకంటే పాడించేవారు పేజీ సంఖ్య కన్నా శ్లోకం సంఖ్యనే చెబుతారు. కొన్ని ముద్రణల్లో నూరు దాటి మరికొన్ని శ్లోకాలు చేరి ఉంటాయి, అక్కడక్కడ పాఠాంతరాలూ ఉంటాయి. బృందం మొదటే ఒక పాఠాన్ని నిర్ణయించుకుని, ప్రతి పేజీ అడుగున ప్రతి తయారైన నెల, సంవత్సరం వేసుకోవాలి. పాత కాగితం, దిద్దిన కాగితం ఒకే సభలో కలిస్తే ఎవరు ఏది చదువుతున్నారో తేలేది దాంతోనే. ఒకరు అందిస్తే మిగతావారు తిరిగి పాడే పద్ధతైతే పాదాన్ని రెండుసార్లు అచ్చువేయనక్కరలేదు, ఆ సంగతి మొదట్లో ఒకసారి రాస్తే సరిపోతుంది.

తప్పులు పట్టుకోవడానికి మొదటి సాధనం వేళ్ల మీది లెక్క. పొల్లు హల్లును వదిలేసి లెక్కపెడితే ప్రతి పాదానికీ 17 రావాలి. 16 వస్తే ఒక అక్షరం జారిపోయింది, 18 వస్తే ఎక్కడో సంధి విడిపోయింది. లెక్క సరిపోతే మొదటి అక్షరం లఘువు, తరువాతి ఐదూ గురువులు, ఆపై ఐదు లఘువులు ఉన్నాయో లేదో చూడాలి. సున్నలు, విసర్గలు, జారిన దీర్ఘాలు ఇక్కడ దొరుకుతాయి. ద, ధ తేడా, శ, ష, స తేడా మాత్రం ఈ రెండు లెక్కలకూ చిక్కదు. వాటిని మంచి ముద్రణ పక్కన పెట్టుకుని ఒకరు చదువుతుండగా మరొకరు సరిచూడాలి.

చివరి పరీక్ష జిరాక్స్. ప్రతిని ఒకసారి జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌ను మళ్లీ జిరాక్స్ తీయాలి. అర్థాన్ని బూడిద రంగులో వేసి ఉంటే అది ఈ దశలో మాయమవుతుంది, కనుక రంగుతో కాకుండా పరిమాణంతోనే తేడా చూపాలి. సన్నని ఫాంటైతే ధ, ఫ, భ కింది చిన్న గీతలు ఎగిరిపోయి ద, ప, బ లుగా మిగులుతాయి. రెండో జిరాక్స్‌ను చేయి చాచినంత దూరంలో పట్టుకుని, సాయంత్రపు దీపం వెలుగులో ఆ గీతలు కనిపిస్తున్నాయా అని బృందంలో అందరికన్నా పెద్ద వయసువారి చేత చదివించి చూడాలి. కనిపించకపోతే అర్థం పరిమాణం తగ్గించకుండా పాదాన్ని 20 పాయింట్లకు పెంచి, పేజీకి రెండేసి శ్లోకాలు వేయాలి. అప్పుడు 50 పేజీలవుతుంది.