కట్టప్ప సంగతి చెప్పకుండా

2015 జులై 10న ‘బాహుబలి: ది బిగినింగ్’ చూసి బయటికొచ్చిన వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? జవాబు రెండో భాగంలో, 2017 ఏప్రిల్ 28న వచ్చింది. కానీ 27 రాత్రే చాలాచోట్ల ప్రీమియర్లు పడ్డాయి. మర్నాడు మార్నింగ్ షో టికెట్ చేతిలో పెట్టుకుని నిద్ర లేచినవాళ్ల చుట్టూ అప్పటికే జవాబు తెలిసినవాళ్లు ఉన్నారు.

ఆ రాత్రి షో చూసొచ్చిన అభిమానిని ఊహించుకోండి. అరిచి అరిచి గొంతు పోయింది, తలలో ఇంకా కాగితం ముక్కలున్నాయి. ఫోన్ తీసి నాలుగు మాటలు రాయకపోతే నిద్ర పట్టదు. కథ మాత్రం బయటపడకూడదు.

కట్టప్ప కారణం రాయకూడదని అందరికీ తెలుసు. చిక్కంతా మన ఉద్వేగంతోనే. ‘కారణం తెలిశాక గుండె బరువెక్కింది’ అన్నా, ‘రక్తం మరిగింది’ అన్నా, చదివేవాడి ఊహల్లో సగం కొట్టుకుపోతాయి. ‘చివర్లో ట్విస్ట్ అదిరింది’ అనేది ఇంకా ప్రమాదం. ఇక అతను సినిమా చూడడు, ట్విస్ట్ కోసం కాపు కాస్తాడు. ఫలానా పాత్ర పేరు పక్కన ‘ఏడిపించేశాడు’ అని పెట్టినా అంతే. ఏ భావమైనా రాయండి, అది ఏ పాత్ర దగ్గర, సినిమాలో ఎక్కడ కలిగిందో మాత్రం రాయకండి.

మరి మిగిలేదేమిటి? చాలానే ఉంది. ట్రైలర్లో, పోస్టర్లో సినిమావాళ్లే చూపించినదంతా మనదే. నటన, కెమెరా, సంగీతం, హాల్లో జనం హోరు. నేనైతే ఇలా రాస్తాను: ‘రెండేళ్లు ఎదురుచూసినందుకు కడుపు నిండింది. ప్రభాస్ నడకలోనే రాజసం ఉంది. కీరవాణి నేపథ్య సంగీతం కోసమైనా మంచి సౌండున్న హాల్లోనే చూడండి. మా బాల్కనీలో కూర్చున్నవాళ్లు తక్కువ, నిలబడినవాళ్లు ఎక్కువ.’ ఇందులో ఆనందం ఎక్కడా తగ్గలేదు, కథ ఒక్క ముక్క లేదు.

హీరో ఎంట్రీని ఫోన్‌లో తీసి పంపడం మాత్రం వద్దే వద్దు. చూసేవాడికి మొదటిసారి కలగాల్సిన పులకింత అక్కడే అయిపోతుంది. పైగా నేరం కూడా: 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా తెర మీది బొమ్మను రికార్డు చేస్తే కనీసం 3 నెలల జైలు, 3 లక్షల జరిమానా.

తర్వాత స్నేహితుల ఫోన్లు మొదలవుతాయి. న్యూజెర్సీలో గురువారం సాయంత్రం 7 గంటల షోకి వెళ్తే, వేసవిలో హైదరాబాద్‌లో అప్పటికి శుక్రవారం తెల్లవారుజాము నాలుగున్నర. అందుకే ‘టాక్ ఏంట్రా?’ అనే ప్రశ్న అక్కడివాళ్లకే ముందు వెళ్తుంది. బాగుందో లేదో మనసారా చెప్పేయొచ్చు. కొందరు అక్కడితో ఆగరు. ‘ఫలానావాడు బతుకుతాడా?’ అని కూపీ లాగుతారు. ఒక ప్రశ్నకి ‘లేదు’ అని, ఇంకోదానికి ‘చెప్పను’ అంటే, ఆ ‘చెప్పను’లోనే జవాబు దొరికిపోతుంది. అన్నిటికీ ఒకటే మాట ఉండాలి: ‘చూసి రా, తెల్లారేదాకా మాట్లాడుకుందాం.’