అద్దె ఇంట్లో ఎవరి హక్కు ఎంతవరకు?

"ఇల్లు నాది, నాకు హక్కుంది" అంటారు ఓనరు. "నెలనెలా అద్దె కడుతున్నాను, నాకూ హక్కుంది" అంటారు అద్దెకున్నవారు. ఇద్దరి మాటా నిజమే, అయినా గొడవ తెగదు. ఎవరి హక్కు, ఎవరి మీద, ఏ పని విషయంలో అన్నది ఇద్దరూ తేల్చుకోకపోవడమే కారణం.

ఈ చిక్కుముడిని విప్పే పద్ధతిని అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు వెస్లీ న్యూకోంబ్ హోఫెల్డ్ 1913లో యేల్ లా జర్నల్‌లో రాసిన వ్యాసంలో చూపించారు. పేరుపొందిన న్యాయమూర్తులు సైతం నాలుగు వేర్వేరు సంబంధాలను హక్కు అనే ఒకే పేరుతో పిలిచి పొరబడుతున్నారని ఆయన వాదన. చట్టపరమైన సంబంధం ఎప్పుడూ ఇద్దరి మధ్య, ఒక పని గురించి ఉంటుంది. ఒకరి వైపు ఏముందో తేలితే అవతలి వారి వైపు ఏముందో దానంతట అదే తేలుతుంది. హోఫెల్డ్ 1918లో, నలభై ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు. ఆయన పద్ధతి మాత్రం నేటికీ న్యాయ కళాశాలల్లో పాఠంగా ఉంది.

దాన్ని మనకు తెలిసిన చోట పెట్టి చూద్దాం. హైదరాబాద్‌లో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అనుకోండి. అద్దె నెలకు 18,000 రూపాయలు, ప్రతి నెలా 5వ తేదీలోగా కట్టాలి. అగ్రిమెంటు 11 నెలలకు. నీళ్ల లీకేజీలాంటి మరమ్మతులు ఓనరువని అందులో రాసుకున్నారు. 11 నెలలు గడిచిపోయాయి. కొత్త కాగితం ఎవరూ రాయలేదు. అద్దెకున్నామె అద్దె పంపుతూనే ఉంది, ఓనరు తీసుకుంటూనే ఉన్నారు.

మొదటిది అసలు సిసలు హక్కు. దాని అవతలి వైపు ఎప్పుడూ మరొకరి బాధ్యత ఉంటుంది. 5వ తేదీలోగా అద్దె అందుకోవడం ఓనరు హక్కు, కట్టడం ఆమె బాధ్యత. అలాగే ఎవరి జోక్యమూ లేకుండా ఆ ఇంట్లో ఉండటం ఆమె హక్కు, ఆ ప్రశాంతతను చెడగొట్టకుండా ఉండటం ఓనరు బాధ్యత. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ఈ సంగతి చెబుతూనే, తగిన వేళల్లో వచ్చి ఇంటి పరిస్థితి చూసుకునే వీలును ఓనరుకు ఇచ్చింది. ఆ వీలు ఉంది కదా అని, రెండో తాళంచెవితో వేళాపాళా లేకుండా తలుపు తీసుకుని లోపలికి రావడం కుదరదు.

రెండోది స్వేచ్ఛ. ఒక పని చేయకూడదన్న బాధ్యత మనకు లేకపోతే, ఆ పని చేసే స్వేచ్ఛ మనకున్నట్టే. వంట గురించి అగ్రిమెంటులో ఒక్క మాటా లేదు కాబట్టి ఆమె ఇంట్లో చేపల పులుసు వండుకోవచ్చు. వండొద్దని పట్టుబట్టే హక్కు ఓనరుకు లేదు. అయితే మనం ఎక్కువగా పొరబడేదీ ఇక్కడే. స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన దాన్ని కాపాడే బాధ్యత ఇంకొకరి మీద పడదు. ఆమె బాల్కనీకి ఎదురుగా ఖాళీ స్థలం ఉంది, సాయంత్రం మంచి గాలి వస్తుంది. ఆ గాలిని ఆస్వాదించే స్వేచ్ఛ ఆమెకుంది. రేపు ఆ స్థలం యజమాని నిబంధనల ప్రకారం అయిదంతస్తులు కట్టుకుంటే గాలి ఆగిపోతుంది. ఆమె అతన్ని ఆపలేదు, ఎందుకంటే ఆ స్థలాన్ని ఖాళీగా ఉంచే బాధ్యత అతనికి లేదు. ఒక భవనానికి 20 ఏళ్లు అడ్డంకి లేకుండా అందిన గాలి వెలుతురు ఈజ్‌మెంట్ చట్టం కింద హక్కుగా మారవచ్చు. అంతవరకు అది స్వేచ్ఛ మాత్రమే.

మూడోది అధికారం. మన చేతతో ఇంకొకరి చట్టపరమైన స్థితి మారిపోతే, అది అధికారం. 11 నెలలు దాటాక ఓనరు అద్దె తీసుకోవడంతో, వేరే ఒప్పందం లేనప్పుడు, 116వ సెక్షన్ ప్రకారం ఆ అద్దె నెలవారీదిగా కొనసాగుతుంది. ఆయన ఆ ఉద్దేశంతో చేసినా చేయకపోయినా ఇద్దరి స్థితి మారింది. దీన్ని ముగించే అధికారమూ ఆయనకుంది. 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అది రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి. గడువు నోటీసు అందిన రోజు నుంచి లెక్క. ఆ గడువు ముగిసే వరకు ఇల్లు ఖాళీ చేసే బాధ్యత ఆమెకు లేదు, ముగిశాక ఆ బాధ్యత కొత్తగా పుడుతుంది.

అధికారం అద్దెకున్నవారికీ ఉంటుంది. లీకేజీ గురించి చెప్పినా, తాను చేయాల్సిన మరమ్మతును ఓనరు తగినంత కాలంలో చేయించకపోతే, ఆమే చేయించి, అయిన ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చని 108వ సెక్షన్ చెబుతోంది. ఓనరుకు రావాల్సిన బాకీని తన చేతతో తగ్గించే అధికారమిది.

నాలుగోది రక్షణ. అవతలివారికి మన స్థితిని మార్చే అధికారం లేకపోవడమే మనకు రక్షణ. గడువు నడుస్తుండగా తనకు తానే అద్దెను 22,000 చేసే అధికారం ఓనరుకు లేదు. ఫ్లాట్‌ను మరొకరికి అమ్ముకోవచ్చు గానీ, అమ్మినంత మాత్రాన ఆమె అద్దె ఒప్పందం రద్దు కాదు. కొన్నవారు పాత ఓనరు స్థానంలోకి వస్తారు. అద్దె నియంత్రణ చట్టం వర్తించే ఇళ్లలో ఈ రక్షణ ఇంకా గట్టిది. అక్కడ నోటీసు ఒక్కటే చాలదు, చట్టం ఒప్పుకునే కారణం కూడా ఉండాలి.

ఇప్పుడు ఒక గొడవను ఈ నాలుగింటితో తూచి చూద్దాం. బాత్‌రూమ్ లీకేజీ గురించి రెండు నెలలుగా చెబుతున్నా ఓనరు పట్టించుకోలేదు. ఆమె ప్లంబర్‌ను పిలిపించి 4,000 ఖర్చు పెట్టింది, ఆ కోపంతో ఆ నెల అద్దె మొత్తం ఆపేసింది. ఓనరు ఫోన్ చేసి "నెలాఖరుకు ఖాళీ చేయండి" అన్నారు. ఆమె కదలకపోయేసరికి, ఊరెళ్లిన సమయం చూసి తాళం మార్చేశారు.

ఆమెకున్నది 4,000, దాని మీద వడ్డీ మినహాయించుకునే అధికారం. మిగతా దాదాపు 14,000 కట్టే బాధ్యత అలాగే ఉంది. అంత మొత్తం ఆపడానికి ఆమెకు స్వేచ్ఛ లేదు, ఓనరు దావా వేసి రాబట్టుకోవచ్చు. ఇక ఓనరు ఫోన్ కాల్‌లో రాత లేదు, సంతకం లేదు, కాబట్టి ఆయన అధికారాన్ని వాడినట్టే కాదు. ఖాళీ చేసే బాధ్యత ఆమెకు పుట్టనే లేదు. నోటీసు సక్రమంగా ఇచ్చి, గడువు కూడా ముగిసిందనుకుందాం. అప్పుడు ఆమె ఖాళీ చేయాల్సిందే, అయినా తాళం మార్చే స్వేచ్ఛ ఓనరుకు రాదు. ఒప్పందాన్ని ముగించే అధికారం వేరు, మనిషిని బయటికి గెంటే స్వేచ్ఛ వేరు. ఆ రెండో పని కోర్టు ద్వారానే జరగాలి. ఇలా వెళ్లగొట్టబడినవారు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి ఇంటి స్వాధీనాన్ని తిరిగి పొందవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు.

అందుకే "నాకు హక్కుంది" అని ఎవరు అన్నా మూడు ప్రశ్నలు వేయాలి. ఏ పనికి? ఎవరికి ఎదురుగా? అవతలివారి వైపు ఉన్నది బాధ్యతా, లేక అడ్డుచెప్పలేని స్థితి మాత్రమేనా? పై గొడవలో వీటికి జవాబులు రాసుకుంటే ఓనరు చేయాల్సింది సంతకంతో నోటీసు, ఆమె చేయాల్సింది ప్లంబర్ బిల్లు జతచేసి మిగతా అద్దె పంపడం.