డ్రాగన్ తోక కోసం డ్రాగనంతా గీయాలా?

గ్రాఫిక్స్ నేర్చుకునేవాళ్లందరికీ స్టాన్‌ఫర్డ్ డ్రాగన్ పరిచయమే. ఆ స్కాన్ చేసిన బొమ్మ ఒంటినిండా 8,71,414 త్రిభుజాలు. ఎటునుంచి చూసినా వాటిలో దాదాపు సగం అవతలి వైపే ఉంటాయి. అయినా పాత పద్ధతిలో గీయాలా వద్దా అన్న నిర్ణయం సాధారణంగా బొమ్మ మొత్తానికీ ఒక్కటే. తెర అంచున తోక కొస కనిపించినా చాలు, గ్రాఫిక్స్ కార్డు మొత్తం బొమ్మకీ లెక్కలు కట్టి, ఆ తర్వాత అక్కర్లేనివి పారేసేది.

2018లో ఎన్విడియా ట్యూరింగ్ కార్డులతో వచ్చిన మెష్ షేడర్ ఈ వరస మార్చింది. బొమ్మను ముందే మెష్‌లెట్లనే చిన్న ముక్కలుగా కోసిపెట్టుకుంటారు. ముక్కకు 64 బిందువులు, 126 త్రిభుజాలు మించకుండా చూడమని ఎన్విడియా సలహా. ఎనిమిది వరసల్లో ఎనిమిదేసి బిందువులు పరిస్తే వాటి మధ్య పట్టేవి 98 త్రిభుజాలే. ఆ లెక్కన మన డ్రాగన్ సుమారు తొమ్మిది వేల ముక్కలవుతుంది.

ప్రతి ముక్కకూ దాన్ని చుట్టే ఒక గోళం, దాని త్రిభుజాలు మొహం పెట్టిన దిక్కులన్నిటినీ ఇముడ్చుకునే ఒక శంకువు రాసిపెడతారు. గీసే ముందు టాస్క్ షేడర్ ఈ రెండింటినీ చూస్తుంది. గోళం తెర బయట ఉన్నా, శంకువు పూర్తిగా అటు తిరిగి ఉన్నా ముక్క మొత్తాన్నీ వదిలేస్తుంది. దీన్నే కల్లింగ్ అంటారు. ముక్కలు చక్కగా కోయకపోతే ఇది దెబ్బతింటుంది. బాగా వంపు తిరిగిన ముక్కకు శంకువు మరీ వెడల్పై, ఆ పరీక్ష ఎప్పటికీ పట్టుబడదు. రెండువైపులా కనిపించే ఆకులకైతే శంకువు అసలు పనికిరాదు. కల్లింగ్ నిజంగా జరుగుతోందో లేదో తెలుసుకోవాలంటే, దాని కెమెరాను ఉన్నచోటే నిలిపి, చూసే కెమెరాను బొమ్మ వెనక్కి తిప్పాలి. అక్కడ డ్రాగన్ వీపు చిల్లులు పడి కనిపిస్తే పని జరుగుతున్నట్టే.

దూరమైనకొద్దీ బొమ్మను నాజూకు తగ్గించి గీసే నిర్ణయం ఇంతకంటే చిక్కు. తలను వివరంగా, తోకను ముతకగా గీస్తే రెండూ కలిసే అంచు దగ్గర బిందువులు సరిపోలక పగుళ్లు తేలతాయి. అన్‌రియల్ ఇంజిన్ 5లోని నానైట్ దీనికి ఇచ్చిన జవాబు నాకెంతో ఇష్టం. పక్కపక్క ముక్కల్ని ఒక గుంపుగా చేర్చి, గుంపు బయటి అంచును కదలనివ్వకుండా లోపలి త్రిభుజాల్ని సగానికి తగ్గించి, మళ్లీ ముక్కలు చేస్తారు. పై మెట్టులో గుంపులు వేరేగా కడతారు కనుక మొన్నటి అంచు ఈసారి లోపలికొచ్చి, దానికీ తగ్గే వీలు దొరుకుతుంది. గుంపులో అందరికీ ఒకే తేడా అంకె ఉంటుంది. ముక్క తేడా తెరమీద సుమారు ఒక పిక్సెల్ లోపే ఉండి, దానికంటే ముతక రూపం తేడా ఆ హద్దు దాటితే, ఆ ముక్కే గీస్తారు. ఒకే గుంపువాళ్లంతా ఒకే తీర్పుకి వస్తారు కాబట్టి పగుళ్లు రావు.

అయితే త్రిభుజం పిక్సెలంత చిన్నదైతే మెష్ షేడర్ ఒక్కటే గట్టెక్కించదు. కార్డు పిక్సెళ్లను నాలుగేసి చొప్పున రంగులద్దుతుంది. ఒక్కటే కావలసినచోట మిగతా మూడింటి శ్రమ వృథా. అందుకే నానైట్ అంత చిన్నవాటిని కార్డులోని మామూలు గీత యంత్రాంగానికి ఇవ్వకుండా, సొంత కంప్యూట్ షేడర్‌తో గీసుకుంటుంది.