రెగ్జిన్‌కు పడ్డ చిల్లు పూడదు

బట్టలో సూది దిగితే పోగులు పక్కకు జరిగి, మళ్లీ దగ్గరవుతాయి. తోలుకు, రెగ్జిన్‌కు ఆ గుణం లేదు. పడిన చిల్లు అలాగే ఉండిపోతుంది. అందుకే గుండుసూదుల బదులు క్లిప్పులు పెట్టాలి, అదీ కుట్టు లోపలికి పోయే అంచు మీదే. గట్టి క్లిప్పు రాత్రంతా ఉంచితే నొక్కు పడుతుంది.

ఇరవై సెంటీమీటర్ల చిన్న పర్సు అంచునే చూడండి. 2 మిల్లీమీటర్ల కుట్టు వేస్తే సుమారు వంద చిల్లులు. బరువు పడగానే తపాలా బిళ్లల కాగితంలా ఆ గీత వెంటే చిరుగుతుంది. 4 మిల్లీమీటర్లకు పెంచితే యాభైతో సరి. చివర వెనక్కి కుట్టకండి, దారాలు లోపలికి లాగి ముడేయండి.

తోలు సూది మొన చిన్న కత్తిలా కోస్తూ దిగుతుంది. అసలు తోలుకు అదే కావాలి. పలచని రెగ్జిన్‌ను మాత్రం అది చీల్చేస్తుంది, దానికి జీన్స్ సూది, 14 నంబరుది, చాలు. కుట్లు తప్పుతుంటే మిషన్‌ను తిట్టేముందు సూది మార్చి చూడండి. రెగ్జిన్ పాదానికి అతుక్కుని కదలకపోతే పైన పలచని కాగితం పరిచి కుట్టి, తర్వాత చింపేయొచ్చు.