లాస్‌లెస్ పాట బ్లూటూత్ దాకానే

పాటల యాప్‌లో ‘లాస్‌లెస్’ ఆన్ చేసి, బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని ‘అబ్బ, ఎంత తేడా!’ అని మురిసిపోయేవాళ్లు చాలామందే ఉంటారు. పాపం, వాళ్ల చెవి దాకా లాస్‌లెస్ చేరనే లేదు.

సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో నమోదు చేస్తారు. ఎడమ, కుడి రెండూ కలిపితే సెకనుకు 1,411 కిలోబిట్లు. ఎంపీ3, ఏఏసీ పద్ధతులు చెవికి ఆనని వివరాలను తీసేసి దాన్ని 256కో 320కో కుదిస్తాయి. తీసేసింది మళ్లీ రాదు. లాస్‌లెస్‌లోనూ ఫైలు చిన్నదవుతుంది గానీ, విప్పితే ఒక్క బిట్టు కూడా పోదు. హైరెజ్ అంటే కొలతలు ఇంకా పెంచడం: 24 బిట్లు, సెకనుకు 1,92,000 సార్ల దాకా. యాపిల్ చెప్పే లెక్కలో మూడు నిమిషాల పాట మామూలుగా 6 ఎంబీ అయితే, లాస్‌లెస్‌లో 36, హైరెజ్‌లో 145.

ఇన్ని ఎంబీలూ ఫోన్‌లోకి దిగాక అసలు చిక్కు మొదలవుతుంది. బ్లూటూత్‌కు అంత డేటా మోసే సత్తా లేదు. అందుకే ఫోన్ ఆ పాటను ఎస్‌బీసీ లేదా ఏఏసీలోకి మళ్లీ కుదించి పంపుతుంది. ఎల్‌డాక్ మెరుగే, కానీ దాని గరిష్ఠం 990 కిలోబిట్లు, అదీ కోతే. ఆప్ట్‌ఎక్స్ లాస్‌లెస్ ఉంది గానీ, ఫోనూ ఇయర్‌బడ్సూ రెండూ దాన్ని అర్థం చేసుకోగలగాలి.

వైరు పెడితే దారి తెరుచుకుంటుంది. యాపిల్ లైట్నింగ్ హెడ్‌ఫోన్ అడాప్టర్ 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ దాకా ఇస్తుంది. ఐఫోన్‌లో అంతకు మించి కావాలంటే విడిగా డాక్ కొనాలి.

సరే, అన్నీ కొన్నారనుకుందాం. మనిషి చెవికి వినిపించేది 20 కిలోహెర్ట్జ్ దాకానే, వయసుతో అదీ తగ్గుతుంది. సీడీ ఆ హద్దును ఇప్పటికే దాటింది. 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు అమెరికాలో మంచి సిస్టమ్‌ల మీద హైరెజ్ రికార్డులు వినిపించి, మధ్యలో చెప్పకుండా సీడీ నాణ్యతకు దించారు. విన్నవాళ్లు పోల్చుకున్నది దాదాపు సగం సార్లు, అంటే బొమ్మా బొరుసూ వేసినంత.

అనుమానముంటే మీరే తేల్చుకోండి. వైరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోన్ ఇంకొకరి చేతికివ్వండి. అదే పాటను వాళ్లు తోచిన వరసలో 16 సార్లు మార్చి వినిపించాలి, ఏది పెట్టారో చెప్పకూడదు. రెండింటి శబ్దం సమానంగా ఉండటం ముఖ్యం. రవ్వంత పెద్దగా ఉన్నదే మెరుగ్గా తోస్తుంది. 12 సార్లో అంతకన్నా ఎక్కువో సరిగ్గా చెబితే, అది గాలివాటం కాదనుకోవచ్చు. తబలా, తాళాల గలగల ఉన్న పాట ఎంచుకుంటే తేడా దొరికే అవకాశం ఎక్కువ.

బడ్స్ చెవిలో వదులుగా ఉంటే బాస్ పోతుంది. ఆ నష్టం ఎవరికైనా వినిపిస్తుంది. కాబట్టి ముందు సరిపోయే సైజు టిప్స్ మార్చండి. బ్లూటూత్‌లో వినేవారైతే మొబైల్ డేటా మీద లాస్‌లెస్ ఆపేయండి.