గాలి ఒత్తిడితో దిగే కాఫీ

ప్రయాణాల కోసం చేసిన ఏరోప్రెస్ గో తన కప్పులోనే ఇమిడిపోతుంది. దీనిలోనూ, ఫ్రెంచ్ ప్రెస్‌లోనూ కాడను కిందికి నొక్కుతాం. కానీ పని వేరు. ఫ్రెంచ్ ప్రెస్‌లో లోహపు జల్లెడ పిప్పిని అడుగుకు తోస్తుంది. కాఫీని పైనుంచి ఒంపుకుంటాం. అందుకే నూనె, సన్నటి మడ్డి కప్పులోకి వస్తాయి.

ఏరోప్రెస్‌లో రబ్బరు బిరడాకీ నీళ్లకీ మధ్య చిక్కిన గాలి, కాఫీని అడుగునున్న కాగితపు ఫిల్టర్ గుండా నెడుతుంది. 15 గ్రాముల పొడిలో 200 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోసి, కలిపి, నిమిషం ఆగండి. తర్వాత అర నిమిషం పాటు మెల్లగా నొక్కండి. ‘హిస్స్’ శబ్దం రాగానే ఆపండి.

నొక్కడం కష్టమైతే పొడి మరీ మెత్తన. ఇట్టే దిగిపోయి కాఫీ పుల్లగా, పలచగా ఉంటే మరీ బరక.